ప్యాకింగ్ 91 శాతం, పేరు మాత్రం మసక

“అన్నా, నా ఇత్తడి బిందె మోడల్‌లో యూవీ ప్యాకింగ్ 91 శాతం వచ్చింది, టెక్స్చర్ 4కె. అయినా క్లోజప్‌లో బిందె మీద కొట్టిన పేరు మసకగా ఉంది. మొత్తం 8కె చేసేయనా?”

చేసెయ్ తమ్ముడూ. కానీ ఒక్క ముక్కకే చెయ్. ఆ ముక్క ఏదో చెప్తాను. ముందు ఆ 91, అంటే మోడల్‌ను విప్పిన ముక్కలు టెక్స్చర్ పెట్టెలో ఎంత చోటు నింపాయనే శాతం, దాని సంగతి తేల్చాలి, నాకు ఒళ్ళు మండింది అక్కడే.

వారం నుంచి చూస్తున్నా కదా ఈ ప్యాకింగ్ శాతాల గొడవ. నాది 88 అంటాడొకడు, నాది 93 అంటాడింకొకడు, స్క్రీన్‌షాట్ల మీద స్క్రీన్‌షాట్లు. నా లెక్క ప్రకారం ఈ రోగానికి కారణం ఒక్కటే. ప్యాక్ చేసే యాడ్-ఆన్ మూలన ఒక శాతం చూపిస్తుంది. అంకె కనిపిస్తే మనవాళ్ళకు అది మార్కుల్లాగా కనిపిస్తుంది. ఇంటర్ రెండేళ్ళు మనల్ని అలా తయారుచేశాయి మరి. అదే చోట “సెంటీమీటరుకు ఎన్ని పిక్సెళ్ళు” అని చూపించి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

ఈ వీడియోలో నేను చెప్పేది ఇదే, పది సార్లయినా చెప్తా: ప్యాకింగ్ శాతంతో పదును రాదు. వస్తే గోరంత వస్తుంది.

లెక్క చూడండి. ప్యాకింగ్ శాతం అనేది వైశాల్యం. మన కంటికి కనిపించే పదును పొడవు మీద ఉంటుంది, అంటే వర్గమూలం తీయాలి. ఈ తమ్ముడు మొదట 72 శాతం దగ్గర ఉన్నాడట. రెండు రాత్రులు కూర్చొని ఐలాండ్లు, అంటే ఆ విప్పిన ముక్కలు, తిప్పి తిప్పి 91 చేశాడు. 91ని 72తో భాగించి వర్గమూలం తీస్తే 1.12. అంటే 12 శాతం పదును. పేరులో ఒక్కో చుక్క వెడల్పు ఒక మిల్లీమీటరు అనుకుందాం. మొదట ఆ చుక్కకు మూడున్నర పిక్సెళ్ళు వచ్చేవి, ఇప్పుడు నాలుగు. రెండు రాత్రుల నిద్ర పోగొట్టుకుని సంపాదించింది అర పిక్సెల్!

సరే, అసలు ఎన్ని పిక్సెళ్ళు కావాలి? అది కెమెరాను అడగాలి. ఫైల్ పంపాడు, నేను తెరిచి చూశాను. షాట్ బాగుంది. బిందె మొత్తం కనిపిస్తూ మొదలై, కెమెరా మెల్లగా దగ్గరికి వెళ్ళి భుజం మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అమ్మమ్మ పేరు దగ్గర ఆగుతుంది. ఆగిన చోట ఫ్రేమ్ వెడల్పులో బిందె మీది 8 సెంటీమీటర్లు పడుతున్నాయి. రెండర్ వెడల్పు 1920. 1920ని 8తో భాగిస్తే 240. సెంటీమీటరుకు 240 పిక్సెళ్ళు ఉండాలి. అతని దగ్గర ఉన్నది 40. ఆరో వంతు! ప్యాకింగ్ నూటికి నూరు చేసినా 42 దాటదు. అర్థమైందా ఎందుకు తిడుతున్నానో?

ఇప్పుడు ఆ 40 ఎందుకు వచ్చిందో చూద్దాం, అసలు తప్పు అక్కడుంది. బిందె నడుము దగ్గర వ్యాసం 30 సెంటీమీటర్లు, చుట్టుకొలత 94. ఈయన వెనక ఒకే ఒక నిలువు సీమ్, అంటే విప్పడానికి కోత, పెట్టాడు. అంటే పై సగం విప్పితే 94 సెంటీమీటర్ల పొడవాటి పట్టీ. అంత పొడవు పట్టీ 4096 పిక్సెళ్ళ పెట్టెలో పట్టాలంటే సెంటీమీటరుకు 43కి మించి రాదు. మిగతా పెట్టె ఖాళీగా ఉన్నా రాదు. మీ లేఅవుట్‌లో అన్నిటికంటే పొడవైన ఐలాండ్ ఏదో అదే అందరి మెడ పట్టుకుని ఆపుతుంది.

ఇంకో ఘోరం. పెట్టెలో సగం చోటు బిందె లోపలి గోడలకు ఇచ్చాడు. కెమెరా ఒక్క ఫ్రేమ్‌లో కూడా లోపలికి తొంగి చూడదు. లోపల నీళ్ళున్నాయో బియ్యమున్నాయో కూడా తెలీదు. దానికి పేరున్న భుజంతో సమానంగా పిక్సెళ్ళు! ఆ చోటు కూడా కలుపుకునే కదా 91 అయింది.

అసలు దారుణం ఇంకా చెప్పలేదు. బిందె భుజం మెడ వైపు సన్నబడుతుంది కదా. నడుము దగ్గర 94 ఉన్న చుట్టుకొలత మెడ దగ్గర 38 మాత్రమే. నిజాయితీగా విప్పితే అది విసనకర్రలా వంపుగా రావాలి. వంపు ముక్కలు గట్టిగా ప్యాక్ అవ్వవు, శాతం తగ్గుతుంది. అందుకని బ్లెండర్‌లో `Follow Active Quads` కొట్టి దాన్ని స్కేలు పెట్టి గీసినట్టు దీర్ఘచతురస్రం చేశాడు. శాతం పెరిగింది, నిజమే. కానీ మెడ దగ్గర 38 సెంటీమీటర్లనూ, నడుము దగ్గర 94నూ ఒకే వెడల్పుకు లాగాడు. టెక్స్చర్‌లో గుండ్రంగా గీసిన చుక్క మెడ దగ్గరికి వచ్చేసరికి నిలబెట్టిన వడ్లగింజలా అయిపోతుంది. నమ్మకపోతే చెకర్ టెక్స్చర్ వేసి చూడండి, గళ్ళు చతురస్రాలుగా లేకపోతే దొరికిపోయినట్టే. యూవీ ఎడిటర్ ఓవర్లేలో `Display Stretch` పెట్టినా సాగిన చోట రంగు మారి కనిపిస్తుంది. తొట్టి, గొట్టం లాంటి వాటికి ఆ ఆపరేషన్ బంగారం. బిందె భుజానికి కాదు.

మరి సీమ్ ఎక్కడ పెట్టాలి? ఇంట్లో పాత ఇత్తడి బిందె ఉంటే ఒకసారి దించి చూడండి. మా ఇంట్లో అటక మీద ఉన్న దానికి నడుము చుట్టూ అతుకు కనిపిస్తుంది, పళ్ళు పళ్ళుగా, రెండు సగాలు చేసి కలిపినట్టు. చేసినాయన ఎక్కడ అతికాడో మనం అక్కడే కోద్దాం. టెక్స్చర్ అక్కడ కాస్త తెగినా కన్ను పట్టించుకోదు, అక్కడ గీత ఉండాల్సిందే కాబట్టి. రెండో కోత మెడ మొదలయ్యే మడత దగ్గర. మూడోది అంచు లోపలి వైపు, బయటి గోడనూ లోపలి గోడనూ విడదీసేది. ఇక నిలువు కోతలు: వెనక ఒకటి కాదు, పక్కల్లో రెండు. పేరున్న ముందు వైపు మూడో వంతు ఒక ముక్క, మిగతా రెండు వంతులు ఇంకో ముక్క. ముందు ముక్క వెడల్పు నడుము దగ్గర 31 సెంటీమీటర్లు. పేరు సరిగ్గా దాని మధ్యలో ఉంటుంది, క్లోజప్‌లో ఏ సీమూ ఫ్రేమ్‌లోకి రాదు.

ఇప్పుడు యూడిమ్, అంటే ఒకే మోడల్ టెక్స్చర్‌ను నంబర్లున్న టైల్స్‌గా పంచే పద్ధతి. నాలుగు టైల్స్ చాలు. 1001లో ముందు భుజం ఒక్కటే. 1002లో వెనక భుజం, మెడ. 1003లో కింది సగం, అడుగు. 1011లో లోపలి గోడలు. 1011 ఏంటి, 1004 కదా అనేవాళ్ళ కోసం సూత్రం ఇది:

```
1001 + u + 10*v
```

పక్కకు పది గళ్ళు, తర్వాత పైవరుస. వేటా డిజిటల్ స్టూడియోలో పుట్టిన పద్ధతి ఇది, బ్లెండర్‌కు 2020లో 2.82తో వచ్చింది. నేను లోపలి గోడల్ని కావాలనే పైవరుసలో పెడతాను, ఎవరు ఫైల్ తెరిచినా “పైన ఉన్నది పనికిరాని సరుకు” అని తెలుస్తుంది. ఇది నా అలవాటు, రూలేం కాదు.

ఇక్కడే అసలు కిటుకు. యూడిమ్‌లో టైల్స్ అన్నీ ఒకే సైజులో ఉండక్కర్లేదు. 1001 మాత్రం 8కె. 8192ని 31తో భాగించండి, 264. అంచుల మార్జిన్ తీసేసినా 260 దగ్గర నిలుస్తుంది. మనకు కావాల్సింది 240. అయిపోయింది! 1002, 1003 4కెలోనే ఉండనివ్వండి. లోపలి గోడలకు 1కె కూడా దయతో ఇచ్చినట్టే.

మొత్తం 8కె చేస్తే ఏం పోతుంది అంటారా? కుదించని 8-బిట్ ఆర్‌జీబీఏ బొమ్మ 4కె అయితే 64 ఎంబీ, 8కె అయితే 256. నాలుగు టైల్సూ 8కె అంటే ఒక్క కలర్ మ్యాప్‌కే 1024 ఎంబీ. నేను చెప్పినట్టు చేస్తే 256, 64, 64, 4... మొత్తం 388. రఫ్‌నెస్, నార్మల్ మ్యాప్‌లు కూడా వేసుకుంటే మీ గ్రాఫిక్స్ కార్డే మీకు దణ్ణం పెడుతుంది.

ఫైల్ పేరు ఇలా ఉండాలి: `binde_color.<UDIM>.png`. డిస్క్‌లో ఆ చోట 1001, 1002 అని నంబర్లు పడతాయి. ప్యాక్ చేసేటప్పుడు `Pack to` దగ్గర `Active UDIM` పెట్టండి. ఆ తర్వాత పొరపాటున `Average Islands Scale` కొట్టారో, అన్ని ఐలాండ్లకూ సమాన న్యాయం చేసి మనం పడ్డ కష్టమంతా మట్టిలో కలిపేస్తుంది.

మార్జిన్ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 91 కోసం ఈయన ఐలాండ్ల మధ్య రెండు పిక్సెళ్ళు వదిలాడు. బిందె దూరంగా ఉన్నప్పుడు చాలా రెండరర్లు టెక్స్చర్‌ను సగం, అందులో సగం, అలా చిన్నది చేసి వాడతాయి. ఒకసారి సగమైతే రెండు కాస్తా ఒకటి, ఇంకోసారికి ఏమీ మిగలదు, పక్క ఐలాండ్ రంగు ఇటు కారుతుంది. షాట్ మొదట్లో బిందె వెనక అంచున నల్లటి వెంట్రుక లాంటి గీత ఆడుతోందే, అది లైటింగ్ తప్పనుకుని లైట్లు మార్చుకుంటూ కూర్చున్నాడు పాపం. 16 పిక్సెళ్ళు వదిలితే నాలుగు సార్లు సగమైనా ఒకటి మిగులుతుంది. బ్లెండర్ బేక్ మార్జిన్ మామూలుగా 16 ఉండేది, దాన్ని తగ్గించకండి. టైల్ గోడకు కూడా ఐలాండ్ ఆనకూడదు, ఇక 1001లో సగం 1002లో సగం అని అడ్డంగా పడుకోబెడితే నా దగ్గరికి రావద్దు.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది, దాచను. ముందు ముక్క 260, వెనక ముక్క 65. ఇత్తడి మీద మచ్చల నాయిజ్‌ను యూవీ మీద వేస్తే పక్క సీమ్ దగ్గర మచ్చల సైజు నాలుగు రెట్లు మారిపోతుంది, షాట్ మొదట్లో పట్టేస్తారు. కాబట్టి ఆ నాయిజ్‌కు యూవీ బదులు `Object` కోఆర్డినేట్లు ఇవ్వండి, గీతలూ మరకలూ త్రీడీలో మోడల్ మీదే పెయింట్ చేయండి.

తమ్ముడు నిన్న మళ్ళీ రెండర్ పంపాడు. 1001 టైల్‌లో ప్యాకింగ్ 60 కూడా లేదు, వంపు ముక్క కదా, నాలుగు మూలలూ ఖాళీ. అతని స్క్రీన్‌షాట్‌కు ఈసారి ఒక్క లైక్ కూడా రాదు. కానీ చుక్క చుక్కకూ 26 పిక్సెళ్ళు ఉన్నాయి, అమ్మమ్మ పేరు చివర మకారం కింద ఒత్తు ఉంది చూశారా, అది మొదటిసారి ఒత్తులా కనిపిస్తోంది.