పట్టికలోంచి తీసిన ఒక్క సంఖ్య: 43ను తెర మీద ఎలా నిలపాలి

సభకు నమస్కారం.

ఈ రోజు నేను ఒకే ఒక్క స్లైడు గురించి మాట్లాడతాను. దాని మీద ఒక పెద్ద సంఖ్య, దాని కింద రెండు మూడు పంక్తులు, అడుగున ఆధారం మాత్రమే ఉంటాయి. ఉదాహరణకు మాతృ మరణాల లెక్కను తీసుకున్నాను, ఎందుకంటే ఆ లెక్కను పట్టికగా చూపినప్పుడు సభలో ఏం జరుగుతుందో నేను చాలాసార్లు దగ్గర నుంచి చూశాను.

జనన మరణాలను నమూనా పద్ధతిలో లెక్కగట్టే ప్రభుత్వ వ్యవస్థ శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్. దాని 2018-20 బులెటిన్‌లో రాష్ట్రాలవారీ పట్టిక ఉంది. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో వరుస. ప్రతి లక్ష సజీవ జననాలకు ఎందరు తల్లులు మరణించారో చెప్పే మాతృ మరణాల నిష్పత్తి, దాని అంచనా ఎంత నుంచి ఎంత వరకు ఉండవచ్చో చెప్పే హద్దులు, ఇంకా రెండు కొలతలు పక్కపక్కనే ఉంటాయి. కాగితం మీద చదువుకోవడానికి అది మంచి పట్టిక. దాన్నే తెర మీదకు ఎక్కిస్తే ప్రతివారూ ముందు తమ రాష్ట్రాన్ని వెతుక్కుంటారు, తరువాత పక్క రాష్ట్రాన్ని చూస్తారు, ఈలోగా వక్త చెప్పిన మూడు వాక్యాలు ఎవరి చెవినా పడవు. కాబట్టి ఏ వరుస కోసం ఈ సభ జరుగుతోందో మనమే ముందుగా తేల్చుకోవాలి. తెలంగాణలో ప్రసూతి సేవల గురించి మాట్లాడుతున్నామనుకుందాం. మనకు కావలసిన సంఖ్య 43.

సంఖ్యను ఎంచుకోవడంతో సగం పని కూడా కాదు. అసలు పని, దాని పక్కన ఏ సంఖ్యను పెట్టాలో నిర్ణయించడం. అదే బులెటిన్‌లో భారతదేశం మొత్తానికి 97. 2014-16 లెక్కలో తెలంగాణకు 81. 2018-20లో కేరళకు 19. 43 పక్కన 97 పెడితే సభ సంతృప్తి పడుతుంది. 81 పెడితే కొన్నేళ్ల కృషి కనబడుతుంది. 19 పెడితే ఇంకా ఎంత దూరం వెళ్లాలో తెలుస్తుంది. మూడూ నిజాలే, కానీ మూడూ వేరువేరు మాటలు. మూడింటినీ ఒకే స్లైడు మీద పెట్టారంటే అది మళ్లీ చిన్న పట్టికే అవుతుంది, సభలో ఎవరికి నచ్చిన పోలికను వారు తీసుకుపోతారు. కొత్త పరికరాలకూ సిబ్బందికీ నిధులు అడగడానికి నిలబడ్డ వైద్యాధికారి 97ను పెట్టుకుంటే, తన వాదనను తానే బలహీనపరచుకున్నట్టు. ఆయనకు కావలసింది 19. దక్షిణాదిలోనే సాధించిన సంఖ్య కనుక దాన్ని అసాధ్యమని ఎవరూ తోసిపుచ్చలేరు.

ఒక పోలికను మాత్రం నేను వద్దంటాను. అదే బులెటిన్‌లో ఆంధ్రప్రదేశ్‌కు 45. 43, 45 పక్కపక్కన పెడితే చప్పట్లు పడతాయని చాలామందికి అనిపిస్తుంది. కానీ ఇవి ప్రతి మరణాన్నీ లెక్కపెట్టి తెచ్చిన సంఖ్యలు కావు, నమూనా ఆధారంగా మూడేళ్ల సమాచారాన్ని కలిపి వేసిన అంచనాలు. రెండింటి హద్దులూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆ రెండు అంకెల తేడా మీద ఏ తీర్పూ నిలబడదు. పెద్ద అక్షరాలలో వేసిన సంఖ్య తన ఖచ్చితత్వాన్ని ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపుతుంది కనుక, చిన్న తేడాల కోసం ఈ తరహా స్లైడును వాడకూడదు.

ఇక ప్రమాణం సంగతి, అంటే ఆ సంఖ్య ఎంతమందికి ఎంత అన్న సంగతి. ఒకసారి ఒక సమావేశంలో 43ను తెర నిండా వేసి, అది దేనికి లెక్కో నోటితో చెబితే చాలనుకున్నాను. వెనుక వరుసలో కూర్చున్న ఒకావిడ లేచి, ‘‘అంటే ఏడాదికి నలభై ముగ్గురేనాండీ చనిపోతున్నది?’’ అని అడిగారు. తప్పు పూర్తిగా నాదే. 43 అన్నది మరణాల సంఖ్య కాదు, ప్రతి లక్ష సజీవ జననాలకు మరణించిన తల్లుల నిష్పత్తి. రాష్ట్రంలో ఏడాదికి ఆరు లక్షల జననాలు అనుకుంటే, ఆ నిష్పత్తి ప్రకారం సుమారు 258 మంది తల్లులవుతారు. 43 మంది అనుకున్న మనిషికీ 258 మంది అని తెలిసిన మనిషికీ మధ్య ఎంత తేడా ఉందో ఆలోచించండి. ఆ రోజు నుంచి ప్రమాణాన్ని నేను సంఖ్యకు ఆనుకునే రాస్తున్నాను. ‘‘దాదాపు 2,300 ప్రసవాలకు ఒక తల్లి’’ అని తిప్పి రాస్తే ఇంకా సులువుగా అర్థమవుతుందని కొందరు మిత్రులు సూచించారు. విడిగా చెప్పినప్పుడు అది నిజమే. అయితే కేరళ లెక్కను కూడా అలాగే తిప్పితే సుమారు 5,300 వస్తుంది, అప్పుడు పెద్ద సంఖ్య మేలు, చిన్న సంఖ్య కీడు అని సభ తలకిందులుగా ఆలోచించవలసి వస్తుంది. పోలిక ఉన్నచోట లక్షకు లెక్కే నయం.

ఇప్పుడు స్లైడును కట్టి చూద్దాం. పవర్‌పాయింట్‌లో వెడల్పాటి స్లైడు ఎత్తు ఏడున్నర అంగుళాలు, అంటే 540 పాయింట్లు. 43ను 240 పాయింట్ల సైజులో వేస్తే అంకెల ఎత్తు స్లైడులో సుమారు మూడో వంతు వస్తుంది. దాని కింద 36 పాయింట్లలో ‘‘ప్రతి లక్ష సజీవ జననాలకు మరణించిన తల్లులు’’, ఆ తరువాతి పంక్తిలో ‘‘తెలంగాణ, 2018-20’’. కాస్త ఎడం ఇచ్చి, 44 పాయింట్లలో ‘‘కేరళలో 19’’. అడుగున 16 పాయింట్లలో బులెటిన్ పేరు. రంగు 43కు మాత్రమే. మిగతావి ముదురు బూడిద రంగులో ఉండాలి, ఎందుకంటే లేత బూడిద రంగు లాప్‌టాప్ మీద అందంగా కనిపించినా ప్రొజెక్టరు వెలుగులో మాయమైపోతుంది.

తెలుగులో స్లైడు చేసేవారికి ఇక్కడ రెండు చిక్కులు వస్తాయి. కొన్ని తెలుగు ఫాంట్లలో అంకెలు అక్షరాల కన్నా సన్నగా, చిన్నగా ఉంటాయి. మామూలు సైజులో అది కనబడదు, 240లో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అందుకని అంకెకు విడిగా ఒక మందమైన ఫాంటు ఎంచుకోవాలి. రెండోది పంక్తుల మధ్య ఎడం. ‘రాష్ట్రం’ అన్న మాటలో ష కింద ఒత్తులు దిగే లోతు చూడండి. ఎడం ఒకటి దగ్గరే వదిలేస్తే కొన్ని ఫాంట్లలో అవి కింది పంక్తిలోని గుడులనూ తలకట్లనూ తాకుతాయి. 1.2 లేదా 1.3 పెడితే ఊపిరాడుతుంది.

సున్నా నుంచి 43 దాకా గిరగిరా ఎక్కే యానిమేషన్ పెట్టవద్దని మనవి. ఆ రెండు క్షణాలూ తెర మీద అబద్ధపు సంఖ్యలే ఉంటాయి. మరణాల లెక్కకు అది మర్యాద కూడా కాదు.

స్లైడు తయారయ్యాక, ఆ విషయంతో సంబంధం లేని ఒకరికి ఐదు సెకన్లు చూపించి మూసేయండి. ఏం చూశారో చెప్పమనండి. ‘‘తెలంగాణలో లక్ష కాన్పులకు నలభై మూడు, కేరళలో పంతొమ్మిది’’ అన్నారంటే స్లైడు పనిచేస్తోంది. ‘‘నలభై మూడు శాతం’’ అన్నారంటే ప్రమాణం పంక్తి చిన్నదైంది. 43 గుర్తుండి 19 గుర్తులేకపోతే పోలికను పెంచాలి. సంవత్సరాల గురించి ఎవరూ చెప్పకపోవచ్చు, అయినా వాటిని తీసేయకండి. సభలో ఎవరో ఒకరు ఫోనుతో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు, కొత్త బులెటిన్ వచ్చి లెక్క మారిన తరువాత కూడా ఆ ఫొటో తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు పక్కన నిలబడి వివరించడానికి మీరుండరు.

మిగతా రాష్ట్రాల సంగతి ఎవరైనా అడిగితే పట్టిక సిద్ధంగా ఉండాలి. నేను దాన్ని హద్దులతో సహా కాగితం మీద అచ్చు వేయించి, స్లైడు చూపించాక పంచుతాను. ముందే పంచితే అందరూ తలలు వంచి తమ వరుసను వెతుక్కుంటారు, 43ను చూసేవారు ఉండరు.