టక్ టక్ శబ్దమంటే నాజిల్ మూసుకుపోయినట్టు కాదు

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇల్లు వదిలి వచ్చారు, సంతోషం. నాకిచ్చిన విషయం "మొదటి త్రీడీ ప్రింట్లు ఎందుకు పాడవుతాయి" అని. రాసుకొచ్చిన కాగితంలో ఆరు కారణాలున్నాయి. అయితే ఇందాక గుమ్మం దగ్గర ఒక తమ్ముడు తన ప్రింటర్ చూపించి, "అన్నా, టక్ టక్ అంటోంది, నాజిల్ బ్లాక్ అయింది, కొత్తది కొనాలి" అన్నాడు. నాజిల్ అంటే కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే మొన. ఆ మాట విన్నాక కాగితం మడిచి జేబులో పెట్టేశాను. నాలుగేళ్ల కిందట నేనన్న మాట అదే.

మా ఇంట్లో హాల్లో ఫ్యాన్ రెగ్యులేటర్ నాబ్ విరిగిపోయింది. అమ్మ రోజూ పటకారుతో తిప్పేది. త్రీడీ ప్రింటర్ కొన్న రోజే, "రేపటికల్లా నాబ్ చేసిస్తానమ్మా" అన్నాను. పుస్తకంలో చెప్పినట్టే చేశాను. ప్రింట్ పడే పలకని బెడ్ అంటాం, అది చల్లగా ఉండగా నాజిల్ కింద ఏ4 కాగితం పెట్టి, నాలుగు మూలలా స్క్రూలు బిగించి, ప్రింట్ మొదలుపెట్టాను. మొదటి పొర ఉల్లిపొరలా పల్చగా, కింద బెడ్ కనపడేలా పడింది. కాసేపటికి, ముడి ప్లాస్టిక్ తీగను లోపలికి నెట్టే ఎక్స్‌ట్రూడర్ టక్ టక్ అనడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ప్లాస్టిక్ రావడమే ఆగిపోయింది.

మెషీన్ కొన్న షాపుకి ఫోన్ చేస్తే "నాజిల్ జామ్ అయింది" అన్నారు. బెడ్ సంగతి, మొదటి పొర సంగతి ఒక్క మాట కూడా అడగలేదు. నాజిల్ కొన్నాను, మళ్లీ అదే. ప్లాస్టిక్‌ను కరిగించే హాట్ ఎండ్ మొత్తం మార్చమన్నారు, మార్చాను. ఎక్స్‌ట్రూడర్ గేర్ అన్నారు, అదీ కొన్నాను. నెల గడిచింది. అమ్మ పటకారు అలాగే ఉంది. అసలు నాజిల్ ఒక్కరోజు కూడా మూసుకుపోలేదు. ఇది చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. డబ్బు సంగతి అటుంచండి, అడగాల్సిన ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు.

జరిగిందేమిటో చెబుతాను. మొదటి పొర 0.2 మిల్లీమీటర్లు అనుకుందాం. ఆ మందానికి ఎంత ప్లాస్టిక్ కావాలో, డిజైన్‌ను పొరలుగా కోసే సాఫ్ట్‌వేర్ అయిన స్లైసర్ ముందే లెక్క కడుతుంది. నాజిల్‌కీ బెడ్‌కీ మధ్య నిజంగా ఎంత ఖాళీ ఉందో దానికి తెలియదు. ఖాళీ 0.05 మాత్రమే ఉంటే, 0.2కి సరిపడా ప్లాస్టిక్ ఎక్కడికి పోతుంది? పోవడానికి చోటు లేదు. వెనక్కి తంతుంది. మోటారు నెట్టలేక అడుగు తప్పుతుంది, ఆ చప్పుడే టక్ టక్. గేరు అక్కడే తిరిగి తిరిగి ఆ ముడి ప్లాస్టిక్ తీగను, అంటే ఫిలమెంట్‌ను కొరికేస్తుంది. కొరికిన చోట పట్టు దొరకదు కాబట్టి ప్లాస్టిక్ రాదు. చూసేవాళ్లకి నాజిల్ మూసుకుపోయినట్టే ఉంటుంది.

మరి నేను కాగితం పెట్టి సరిచేశాను కదా? చల్లగా ఉన్నప్పుడు చేశాను. అదే తప్పు. బెడ్ 60 డిగ్రీలకి, నాజిల్ 200కి వేడెక్కితే రెండూ వ్యాకోచిస్తాయి. నాజిల్ కిందికి దిగుతుంది, బెడ్ పైకి వస్తుంది. కదిలేది వెంట్రుకవాసే. కానీ కాగితం మందమే 0.1 మిల్లీమీటరు. వెంట్రుకవాసి పోతే మిగిలేది ఏముంది చెప్పండి?

అందుకని, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, టక్ టక్ వినపడగానే పానా తీయకండి. ముందు నాజిల్‌ను బెడ్ మీంచి 50 మిల్లీమీటర్లు పైకి లేపండి. 200కి వేడి చేసి, గాలిలోకి ప్లాస్టిక్ వదలండి. కంప్యూటర్ నుంచి పంపేవాళ్లు ఇది పంపొచ్చు:

```
M83
G1 E50 F100
```

అర నిమిషం పడుతుంది. ప్లాస్టిక్ తీగ చప్పుడు లేకుండా తిన్నగా కిందికి జారితే మీ నాజిల్ బాగుంది, తప్పు బెడ్ ఎత్తులో ఉంది. సన్నగా వచ్చి, మెలి తిరిగి నాజిల్‌కే అంటుకుంటుంటే అప్పుడు నాజిల్‌లో ఏదో అడ్డం ఉందని అనుమానించండి. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు. నాకు మొదటిరోజే ఎవరైనా చెప్పి ఉంటే నెల మిగిలేది.

ఇప్పుడు ఎత్తు సరిచేయడం. బెడ్‌ను 60కి వేడి చేసి పది నిమిషాలు వదిలేయండి. తెరమీద 60 అని కనపడగానే మొదలుపెట్టొద్దు, అది లోపలి సెన్సర్ చెప్పేది. పైపలక అంతా వేడెక్కాలి. నాజిల్‌ను 150 దగ్గర ఉంచండి, ప్లాస్టిక్ కారదు. దాని మొనకి పాత ప్లాస్టిక్ ముద్ద అంటుకుని ఉంటే ఇత్తడి బ్రష్‌తో తుడవండి, లేకపోతే కాగితానికి తగిలేది ఆ ముద్దే. మూల మూలకీ కాగితం కొద్దిగా పట్టి, లాగితే జరిగేలా ఉండాలి. నాలుగు మూలలూ అయ్యాక మళ్లీ మొదటి మూలకి రండి. ఒక మూల కదిలిస్తే మిగతావి కదులుతాయి కాబట్టి కనీసం రెండు చుట్లు తిరగాలి.

స్క్రూ తిప్పేటప్పుడు ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. నా మెషీన్‌లో ఉన్నది ఎం4 స్క్రూ. ఒక పూర్తి చుట్టుకి 0.7 మిల్లీమీటర్లు కదులుతుంది. అంటే పావు చుట్టుకి 0.175. మీ మొదటి పొర మొత్తం మందమే 0.2! పావు చుట్టు తిప్పి "కొంచెమే తిప్పాను" అంటే కుదరదు. కాగితం దశ దాటాక చేసే సవరణలన్నీ గడియారంలో నిమిషాల ముల్లు రెండు మూడు నిమిషాలు కదిలినంతే ఉండాలి.

కాగితం దగ్గరదాకా తీసుకెళ్తుంది, అంతే. తీర్పు చెప్పేది ప్లాస్టికే. నాలుగు మూలల్లో ఒక్కొక్కటి, మధ్యలో ఒకటి, మూడు సెంటీమీటర్ల చదరాలు ఒక్క పొర మాత్రమే ప్రింట్ చేయండి. గీతలు పక్కపక్కన గుండ్రటి దారాల్లా పడి, గోటితో లాగితే విడిపోతుంటే నాజిల్ ఎత్తులో ఉంది. అంచుల్లో గట్లు లేచి, మధ్యలో బెడ్ కనపడుతుంటే మరీ కిందికి ఉంది. సరిగ్గా ఉంటే ఆ చదరం ఒక్క ముక్కగా ఊడొస్తుంది. వేలితో రాస్తే నున్నగా ఉంటుంది. కాలిపర్ ఉంటే కొలవండి, 0.2 దగ్గర చూపించాలి.

చదరం ఎత్తు సరిగ్గా ఉండి కూడా అంటుకోకపోతే చేతి జిడ్డు. మన ఇళ్లలో తలకి కొబ్బరినూనె రాసుకున్న చేత్తోనే బెడ్ ముట్టుకుంటాం. విడిగా వచ్చే పలక అయితే తీసి గిన్నెల సబ్బుతో కడిగి, ఆరాక అంచులు మాత్రమే పట్టుకోండి. ఇక పైన ఫ్యాన్ ఫుల్లులో తిరుగుతుంటే పెద్ద వస్తువుల మూలలు లేస్తాయి, ఆపేయండి. మా హాల్లో నాబ్ లేక అది చాలాసార్లు ఫుల్లులోనే ఉండేది.

ఎక్స్‌ట్రూడర్ కాలిబ్రేషన్ గురించి ఎవరో చీటీ పంపారు. చేయండి, కానీ మొదటి పొర కుదిరాకే. ఫిలమెంట్ లోపలికి వెళ్లే చోటు నుంచి 120 మిల్లీమీటర్ల దగ్గర దానిమీద గీత పెట్టి, 100 లోపలికి నెట్టమనండి. 20 మిగలాలి. నాకు 26 మిగిలింది, అంటే వెళ్లింది 94. ఒక మిల్లీమీటరు నెట్టడానికి మోటారు ఎన్ని అడుగులు వేయాలో చెప్పే విలువ అప్పటికి 93. దాన్ని వందతో హెచ్చించి 94తో భాగిస్తే 98.9, అదే కొత్త విలువ. నాకు ఈ లోపం నిజంగానే ఉంది, కానీ టక్ టక్‌కి కారణం ఇది కాదు. ఇది ముందు సరిచేసి ఉంటే ఆ ఇరుకు సందులోకి ఇంకా ఎక్కువ ప్లాస్టిక్ నెట్టేవాణ్ణి. అందుకే వరస తప్పొద్దంటున్నాను. ఉష్ణోగ్రత, వేగం, ఫిలమెంట్‌ను కొద్దిగా వెనక్కి లాగే రిట్రాక్షన్ అన్నీ ఆ తర్వాతే. ఒకేసారి రెండు మారిస్తే దేనివల్ల బాగైందో మీకు ఎప్పటికీ తెలియదు.

సమయం అయిపోయిందని చెయ్యి ఊపుతున్నారు. తమ్ముడూ, ఇందాక నీ బెడ్ వేడికి పెట్టమన్నాను కదా, పది నిమిషాలు అయిందా? నాజిల్ మాత్రం కొనకు. ఈ కాగితం పట్టుకో, ఆరు కారణాలు రాసుకొచ్చిందే ఇది, మందం సరిపోతుంది. ముందు ఎడమ మూల నుంచి మొదలుపెడదాం. దగ్గరికి రండి, అందరూ చూడొచ్చు.