సోమవారం నుంచి ఒంటిపూట బడి

(శుక్రవారం ప్రార్థన తర్వాత మైకులో చదివిన ప్రకటన)

పిల్లలూ, ఇది ఆరు నుంచి తొమ్మిది తరగతుల వాళ్లకు. పదో తరగతి వాళ్లకు వేరే చెప్తా, వాళ్లు ఇక్కడే ఆగుతారు. పుస్తకం తీయొద్దు, రాసుకోవద్దు. ఇటు చూస్తూ వినండి.

సోమవారం నుంచి ఒంటిపూట బడి. పొద్దుగాల 8 గంటలకు ప్రార్థన. మళ్లీ చెప్తున్న. సోమవారం. పొద్దుగాల 8 గంటలు.

రేపు శనివారం ఏమీ మారదు. రేపు ఎప్పటిలాగే తొమ్మిదిన్నరకే రావాలి, సాయంత్రం దాకా ఉండాలి. ఈ మాట జారిపోతే రేపు పొద్దున్నే వచ్చి తాళం వేసిన గేటు ముందు నిలబడాల్సి వస్తది.

ఇక సోమవారం సంగతి. పావు తక్కువ ఎనిమిదికి మొదటి గంట కొడతాం. అది విన్నంక 8 లోపు మీరు గేటు లోపల ఉండాలి. ప్రార్థన అయినంక మూడు పీరియడ్లు, ఒక్కోటి 40 నిమిషాలు. పదింబావుకు ఇంటర్వెల్, 15 నిమిషాలు. తర్వాత ఇంకో మూడు పీరియడ్లు. పన్నెండున్నరకు ఆఖరి గంట.

ఇన్ని టైములు మీకు గుర్తుండవు, ఉండాల్సిన పని కూడా లేదు. నడిమధ్యవన్నీ గంటే చెప్తది. మీరు పట్టుకోవాల్సినవి రెండే: రావడం 8 గంటలకు, బడి విడవడం పన్నెండున్నరకు.

బ్యాగులో ఏం పెట్టుకోవాలి? ఇప్పుడున్న టైంటేబుల్‌లో మొదటి ఆరు పీరియడ్ల పుస్తకాలే. వరుస మారలేదు. ఏడోది, ఎనిమిదోది ఉండవు. ఆ రెండింట్లో పడ్డ పాఠాలను ఎక్కడ సర్దుతామో మీ క్లాస్ టీచర్ మీ గదిలోనే చెప్తారు. తొమ్మిదో తరగతికి గురువారం భౌతికశాస్త్రం ఎనిమిదో పీరియడ్‌లో ఉంది కదా, అట్లాంటివి. అదంతా మైకులో చెప్తే ఒకరి పాఠం ఇంకొకరి చెవిన పడుతుంది.

ఆఖరి గంట కాగానే మధ్యాహ్న భోజనం. తిన్నాకే ఇంటికి. ఎండకు ఖాళీ కడుపుతో ఎవరూ బయటికి పోవద్దు. నీళ్ల సీసా తప్పకుండా తెచ్చుకోండి.

ధర్మసాగర్ దిక్కు నుంచి, హసన్‌పర్తి దిక్కు నుంచి బస్సులో వచ్చేవాళ్లు చెయ్యెత్తండి. మీకు పొద్దుగాల బస్సు ఎన్నింటికో ఈ రాత్రి ఇంటికాడ అడగండి. 8 లోపు చేర్చే బస్సు లేకుంటే రేపే మీ క్లాస్ టీచర్‌కు చెప్పండి. సోమవారం ఆలస్యంగా వచ్చి చెప్తే మేం చేసేదేం ఉండదు.

అర్థమైందా అని అడగను. అడిగితే అందరూ అయింది సార్ అంటారు. ఆరో తరగతి, మీరు చెప్పండి: సోమవారం ఎన్ని గంటలకు?

(ఆగాలి. జవాబు కలిసికట్టుగా రాకపోతే "సోమవారం, 8 గంటలు" అని ఇంకోసారి అనాలి.)

ఎనిమిదో తరగతి, రేపు ఎన్నింటికి?

(ఆగాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.)

తొమ్మిదిన్నరకు. సరే. ఆరో తరగతి ముందు కదలండి, వెనుక ఏడు, ఎనిమిది, తొమ్మిది. పదో తరగతి, నీడలోకి జరగండి.