ఇరవై మీటర్ల దారం, రెండో అవకలజం

అందరికీ నమస్కారం.

రైలు మార్గం వంపు తిరిగే చోట ట్రాక్ సిబ్బంది కొలతలు తీస్తుండగా మీరెప్పుడైనా గమనించారా? వాళ్ల చేతిలో పెద్ద పరికరమేమీ ఉండదు. 20 మీటర్ల నైలాన్ దారం, ఒక స్కేలు, అంతే. దారం రెండు కొసలనూ వెలుపలి పట్టా లోపలి అంచుకు ఆనించి బిగిస్తారు. దారం తిన్నగా ఉంటుంది, పట్టా వంగి ఉంటుంది. అందువల్ల సరిగ్గా మధ్యలో, అంటే 10 మీటర్ల దగ్గర, రెండింటికీ నడుమ కొద్దిగా ఎడం వస్తుంది. దాన్ని స్కేలుతో మిల్లీమీటర్లలో చదివి రాసుకుంటారు. ఆ కొలతకు వెర్సైన్ అని పేరు. 50000ను ఆ సంఖ్యతో భాగిస్తే వంపు వ్యాసార్థం మీటర్లలో వచ్చేస్తుంది. ఎడం 57 మిల్లీమీటర్లుంటే వ్యాసార్థం సుమారు 877 మీటర్లు. తర్వాత 10 మీటర్లు ముందుకు జరిగి, మళ్లీ దారం బిగిస్తారు.

ఈ 50000 ఎక్కడిది? పట్టాను ఆ కాస్త దూరం ఒక వృత్తంలో ముక్క అనుకోండి. దారంలో సగం 10 మీటర్లు, మధ్యలో ఎడం v, వ్యాసార్థం R. జ్యాల గురించి హైస్కూల్లో చదువుకున్నదే: 10² = v(2R − v). v చాలా చిన్నది కనుక బ్రాకెట్లో దాన్ని వదిలేస్తే v = 50/R మీటర్లు. మిల్లీమీటర్లలోకి మారిస్తే 50000/R.

ఇప్పుడు అదే పనిని కలనగణితం కళ్లతో చూద్దాం. దారాన్ని x-అక్షంగా తీసుకుని, పట్టాను y = f(x) అనే వక్రంగా రాస్తే, మధ్యబిందువు దగ్గర వక్రానికి వాలు సున్నా. అక్కడి నుంచి ఇటూ అటూ h దూరం వెళితే వక్రం దాదాపు h²y''/2 మేర తొలగిపోతుంది. h = 10 అయితే అది 50y''. దాన్ని 50/R పక్కన పెట్టి చూడండి. y'' అంటే 1/R! వంపు ఎంత బిగువుగా ఉందో చెప్పే ఈ 1/Rనే మనం వక్రత అంటాం. అంటే ట్రాక్ మీద వంగి దారం పట్టుకున్న మనిషి, ఆ పేరు వినకపోయినా, రెండో అవకలజాన్ని స్కేలుతో చదువుతున్నాడు.

మరి పాఠ్యపుస్తకంలో సూత్రం ఇంత తేలిగ్గా ఎందుకు లేదు? అక్కడ ఇలా ఉంటుంది:

R = (1 + y'²)^(3/2) / |y''|

డిగ్రీ చదివే రోజుల్లో నేను దీన్ని బట్టీ పట్టాను. పరీక్షలో పైనున్న ఘాతం 3/2నో 2/3నో గుర్తురాక ఒకటి వేసి వచ్చాను, అది తప్పని బయటికొచ్చాక తెలిసింది. ఆ 3/2 ఎక్కడి నుంచి వస్తుందో ఒక్కసారి చూస్తే మర్చిపోవడం కష్టం, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

వక్రత అంటే దారి వెంట ఒక మీటరు నడిస్తే మన ముఖం ఎంత కోణం తిరుగుతుందన్నది. స్పర్శరేఖ x-అక్షంతో చేసే కోణం θ, దారి వెంట నడిచిన దూరం s అనుకుంటే, మనకు కావలసింది θ మారే వేగం, s ప్రకారం. మన చేతిలో ఉన్నది y'' మాత్రమే. అది వాలు మారే వేగం, అదీ x ప్రకారం. రెండు చోట్ల తేడా ఉంది. వాలు వేరు, కోణం వేరు. x వేరు, నడిచిన దూరం వేరు.

మొదటి తేడా. వాలు 0 నుంచి 1కి పెరిగితే కోణం 45 డిగ్రీలు తిరుగుతుంది. 10 నుంచి 11కి పెరిగితే సుమారు అర డిగ్రీ మాత్రమే తిరుగుతుంది, ఎందుకంటే అప్పటికే దాదాపు నిటారుగా ఉంది. θ = tan⁻¹ y' కాబట్టి, వాలులో వచ్చిన మార్పును 1 + y'²తో భాగిస్తే కోణంలో మార్పు వస్తుంది. రెండో తేడా. నిటారు దారిలో x ఒక అడుగు కదిలేలోపు మనం చాలా అడుగులు నడవాల్సి వస్తుంది. పైథాగరస్ ప్రకారం √(1 + y'²) రెట్లు. దానితోనూ భాగించాలి. మొదటి భాగహారంలో ఘాతం 1, రెండో దానిలో 1/2. కలిపితే 3/2. y''ను ఇలా (1 + y'²)^(3/2)తో భాగిస్తే వక్రత, దాన్ని తిరగేస్తే R. అంతకుమించి రహస్యం లేదు.

ట్రాక్ మీద మనిషికి ఇదంతా ఎందుకు అక్కర్లేకపోయిందో ఇప్పుడు తెలుస్తుంది. అతను ప్రతి 10 మీటర్లకూ తన అక్షాన్ని కూడా మోసుకెళుతున్నాడు. దారం ఎక్కడ బిగిస్తే అక్కడ వాలు సున్నా, భాజకం 1. అక్షాలను ఒక్క చోట పాతేసి, అక్కడే కూర్చుని దూరాన ఉన్న వంపును లెక్కగట్టే మనకే ఆ భాజకం కావాలి.

అందరికీ తెలిసిన y = x² తీసుకుందాం. దీనికి y'' ఎక్కడైనా 2. వక్రత y''యే అయితే ఈ పరావలయం అంతటా ఒకేలా వంగి ఉండాలి. కానీ అడుగున గుండ్రంగా ఉండి, పైకి పోయేకొద్దీ తిన్నగా సాగడం కంటికే కనబడుతుంది. సూత్రం ఏమంటుంది? అడుగున y' = 0, కాబట్టి R = 1/2. (1, 1) దగ్గర y' = 2, కాబట్టి R = 5^(3/2)/2, అంటే సుమారు 5.59. ఇక్కడ వంపు పదకొండు రెట్లు సడలిపోయింది.

ఈ R ఏ వృత్తానిది? ఆ బిందువు గుండా పోతూ, అక్కడ వక్రంతో సమానమైన వాలూ, సమానమైన రెండో అవకలజమూ ఉన్న వృత్తానిది. ఒక వృత్తాన్ని నిర్ణయించడానికి మూడు సంఖ్యలు కావాలి: కేంద్రానికి రెండు, వ్యాసార్థానికి ఒకటి. మన షరతులూ మూడే. అందుకే సరిగ్గా ఒక్క వృత్తం దొరుకుతుంది, నాలుగో షరతు పెట్టే వీలు మామూలుగా ఉండదు. లైబ్నిజ్ దీనికి లాటిన్‌లో పెట్టిన పేరుకు ముద్దుపెట్టుకునే వృత్తమని అర్థం. గణితంలో ఇలాంటి పేర్లు అరుదు, అందుకే చెప్పాను.

వృత్త సమీకరణాన్ని రెండుసార్లు అవకలనం చేస్తే దాని కేంద్రం కూడా దొరుకుతుంది:

h = x − y'(1 + y'²)/y'',  k = y + (1 + y'²)/y''

పరావలయం అడుగున కేంద్రం (0, 1/2). ఆ వృత్తం ఎంత దగ్గరగా ఒదుగుతుందో చూడండి. x = 0.1 దగ్గర పరావలయం ఎత్తు 0.01, వృత్తం ఎత్తు 0.0101. x = 0.3 దగ్గర 0.09, 0.1. వృత్తం కాస్త పైనే, అంటే గిన్నె లోపలే ఉంది. ఈ ఆకారపు గిన్నెలో అర యూనిట్ వ్యాసార్థమున్న గోళీ వేస్తే అడుగును తాకుతుంది. అంతకన్నా పెద్దదైతే రెండు పక్కలా ఆనుకుని పైనే ఆగిపోతుంది.

(1, 1) దగ్గర మాత్రం ఒక వింత ఉంది. అక్కడ కేంద్రం (−4, 3.5). గ్రాఫు కాగితం మీద ఈ వృత్తం గీసిన విద్యార్థులు చాలామంది తప్పు గీశామనుకుని చెరిపేస్తారు. ఎందుకంటే వృత్తం వక్రాన్ని తాకి వెనక్కి పోవడం లేదు, దాన్ని దాటి అవతలికి పోతోంది. x = 1.4 దగ్గర పరావలయం 1.96 ఎత్తులో ఉంటే వృత్తం 2.05లో ఉంది. x = 0 దగ్గరైతే వృత్తం −0.4కు, అంటే పరావలయం కిందికి దిగిపోయింది. తప్పేమీ లేదు. ఆ బిందువుకు ఒక పక్క వక్రం వృత్తం కన్నా ఎక్కువ వంగింది, రెండో పక్క తక్కువ వంగింది. కాబట్టి దాటక తప్పదు. అడుగున దాటకపోవడమే ప్రత్యేకం, అక్కడ వక్రత గరిష్ఠం కనుక. గీసిన బొమ్మలో నిజంగా తప్పుంటే అది సాధారణంగా కొలమానంలో ఉంటుంది. రెండు అక్షాలకూ సెంటీమీటరు విలువ ఒకటే కాకపోతే వృత్తం వృత్తంగా ఉండదు, వంపును కంటితో పోల్చడం కుదరదు.

మళ్లీ పట్టాల దగ్గరికి వద్దాం. తిన్నని దారి నుంచి రైలును ఒక్కసారిగా వృత్తంలోకి తిప్పకూడదు. వక్రత సున్నా నుంచి నెమ్మదిగా పెరగాలి. అందుకు మధ్యలో ఒక ట్రాన్సిషన్ కర్వ్ వేస్తారు. భారతీయ రైల్వేలలో దానికి వాడేది ఘన పరావలయం, y = x³/(6RL). L ట్రాన్సిషన్ పొడవు, R చివర చేరాల్సిన వ్యాసార్థం. దీని y'' = x/(RL). సున్నాతో మొదలై, సమంగా పెరిగి, x = L దగ్గర సరిగ్గా 1/R అవుతుంది. చూడముచ్చటైన సమీకరణం, కానీ ఇందులో భాజకాన్ని పట్టించుకోలేదు.

ఫరవాలేదా? R = 875, L = 80 మీటర్లు అనుకుందాం. చివర వాలు L/(2R), అంటే 0.046. భాజకం 1.003. వెర్సైన్ 57.1 మిల్లీమీటర్లు రావాల్సిన చోట 57.0 వస్తుంది. ఆ తేడా స్కేలు మీద కనబడదు. నిజానికి అక్కడ దారం పట్టే చెయ్యి ఒక్క మిల్లీమీటరు కదిలితేనే లెక్కలో వ్యాసార్థం 15 మీటర్లు మారిపోతుంది. పోనీ, ఇంకా సూక్ష్మంగా చూద్దామని దారాన్ని 10 మీటర్లకు కుదిస్తే? ఎడం నాలుగో వంతుకు, 14 మిల్లీమీటర్లకు పడిపోతుంది. అదే మిల్లీమీటరు పొరపాటు ఇప్పుడు 60 మీటర్లకు పైగా తేడా తెస్తుంది. రెండో అవకలజాన్ని కొలతల నుంచి తీసే ఎవరికైనా ఎదురయ్యే చిక్కే ఇది: దారంలో సగమైన h చిన్నదయ్యేకొద్దీ సూత్రం మెరుగుపడుతుంది, కొలత పాడవుతుంది.

అదే వక్రాన్ని 80 మీటర్ల దగ్గర ఆపకుండా పొడిగించుకుంటూ పోయామనుకోండి. y'' పెరుగుతూనే ఉంటుంది. ఒక చోటు దాటాక భాజకం అంతకన్నా వేగంగా పెరుగుతుంది. అసలు వక్రతను అవకలనం చేసి సున్నాకు సమానం చేస్తే y'² = 1/5 వస్తుంది, అంటే వక్రం మొదటి దిశ నుంచి 24 డిగ్రీలకు కాస్త ఎక్కువ తిరిగిన చోటు. మన ఉదాహరణలో అది 250 మీటర్ల దగ్గర వస్తుంది, అక్కడ నిజమైన వ్యాసార్థం సుమారు 368 మీటర్లు. అంతకన్నా బిగువైన వంపు ఈ వక్రంలో ఎక్కడా లేదు. ఆ తర్వాత పట్టా మళ్లీ తిన్నబడుతూ పోతుంది. x = 400 దగ్గర y'' ఒక్కదాన్నే నమ్మితే వ్యాసార్థం 175 మీటర్లు, బ్రాడ్‌గేజ్‌లో అనుమతించే అతి బిగువైన వంపు. భాజకాన్ని కలిపితే 613 మీటర్లు.

అక్కడ ఎవరైనా దారం బిగిస్తే ఎడం 286 మిల్లీమీటర్లు రాదు, 82 దగ్గర ఆగుతుంది.