గుంతకల్లులో పెంతెకొస్తు ఆదివారం | మావాడు అరబ్బీలో ఒక మాట చెప్పాడు | కువైట్ తెలుగు వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఈసారి కువైట్ నుంచి కాదు, గుంతకల్లులో మా అమ్మ వాళ్లింటి మిద్దె మీద నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల వినబడేది గూడ్సు బండి. దాన్ని ఎడిటింగ్‌లో తీసేయలేను, అలవాటు చేసుకోండి.

ఈ వీడియో అడిగింది కువైట్‌లో మా తెలుగు సంఘం అక్కలు. "మీ ఊరి చర్చి చూపించు, పండగ ఎట్ల చేస్తారో చూపించు" అని సెలవు మొదలవకముందు నుంచే మెసేజీలు. అయితే నిజం కూడా చెప్పాలి. పోయినసారి పెట్టిన బంగారం కొనుగోలు వీడియోకి వచ్చిన వ్యూస్ చూసి మా ఆయన "దేవుడి వీడియోకి అన్ని రావులే" అన్నాడు. ఆ పట్టుదల కూడా కొంచెం ఉంది.

ముందు కువైట్‌లో ఎలా ఉంటుందో చెబుతాను. కువైట్‌లో ఆదివారం పనిదినం. వారం సెలవు శుక్రవారం, శనివారం. అందుకని మా ఆరాధన శుక్రవారం. పెంతెకొస్తు అంటే గ్రీకులో యాభయ్యోది అని అర్థం. ఈస్టర్ ఆదివారాన్ని ఒకటి అనుకుని లెక్కపెడితే యాభయ్యో రోజు మళ్లీ ఆదివారమే వస్తుంది. మాకు మాత్రం పండగ రెండు రోజుల ముందో, ఐదు రోజుల తర్వాతో జరుగుతుంది. కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి కాంపౌండ్ అని ఒకటుంది. ఒకే ఆవరణలో రకరకాల భాషల సంఘాలు వంతులవారీగా కూడుకుంటాయి. మన పాట అయ్యేసరికి బయట ఇంకో భాషవాళ్లు బైబిళ్లు పట్టుకుని నిలబడి ఉంటారు. ఆమెన్ అనగానే కుర్చీలు ఖాళీ చేయాలి. బస్సుకు పోను మూడు వందల ఫిల్సు, రాను మూడు వందలు. దినార్‌కి మూడు వందల రూపాయలు లెక్కేసుకుంటే మొత్తం నూట ఎనభై రూపాయలు. ఇక్కడ మా అమ్మ ఆటోకి ఇరవై ఇచ్చి, అది కూడా ఎక్కువని డ్రైవర్‌తో గొడవపడింది.

అక్కడ భాషకో గంట, భాషకో తలుపు. గుంతకల్లులో అందరికీ ఒకటే తలుపు. మాది రైల్వే ఊరు కదా, మా నాయన డ్యూటీలో ఉన్నప్పటి నుంచీ కాలనీలో అరవం వాళ్లు, మలయాళీలు, బళ్లారి వైపు కన్నడం వాళ్లు, ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన హిందీ వాళ్లు, చుట్టుపక్కల తండాల నుంచి లంబాడీలు. అందరూ అవే బెంచీల మీద కూర్చుంటారు.

ఆ రోజు అయ్యగారు ప్రసంగానికి ముందు ఒక ప్రయోగం చేశారు. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో, పెంతెకొస్తు నాడు ఆత్మ దిగి యేసు శిష్యులు రకరకాల భాషల్లో మాట్లాడినప్పుడు, విన్నవాళ్లు పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు అని జనాల జాబితా వస్తుంది కదా, దాన్ని ఐదుగురు ఐదు భాషల్లో ఒకేసారి చదవాలన్నారు. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, హిందీ. ఉన్నవి రెండే మైకులు. పార్తీయుల దగ్గర అందరూ కలిసే మొదలుపెట్టారు గానీ, కప్పదొకియ వచ్చేసరికి సంత అయిపోయింది. మైకు కీచుమంది, పిల్లలు ఒకటే నవ్వు. మా మామ వెనక నుంచి "పొద్దున్నే ఏసుకొచ్చినట్టుండారే" అన్నాడు, అందరికీ వినబడేటట్టు.

అయ్యగారు కోప్పడలేదు. "పదమూడో వచనం మీరే చదివేశారు మామా" అన్నారు. అక్కడ కూడా కొందరు, వీళ్లు కొత్త మద్యంతో నిండి ఉన్నారని ఎగతాళి చేశారు కదా. పేతురు లేచి, ఇంకా పొద్దుపొడిచి జాము కూడా కాలేదయ్యా అని జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. దూరం నుంచి వింటే గోలే. దగ్గరికి వచ్చి తన భాష ఎక్కడుందో పట్టుకున్నవాడికే అది మాట. అందుకని రెండోసారి ఒక్కొక్కరినే, ఒక్క ఎనిమిదో వచనమే చదివించారు: మనలో ప్రతివాడూ తాను పుట్టిన భాషతో వీళ్లు మాట్లాడడం మనం వింటున్నామే అని.

ప్రసంగమంతా ఆ "పుట్టిన భాష" మీదే నడిచింది. గ్రీకు మూలంలో మేము పుట్టిన భాష అనే ఉందట. నాకు బాగా పట్టుకున్న సంగతి దాని తర్వాతది. అయ్యగారు అడిగారు: ఆ రోజు గుంపులో ఉన్నవాళ్లకు ఈ అద్భుతం జరక్కపోతే సువార్త అర్థమయ్యేది కాదా? అయ్యేది. ఐదో వచనం చూడండి, ప్రతి జనములో నుంచి వచ్చిన ఆ యూదులు యెరూషలేములో "కాపురముండిరి" అని ఉంది. కాపురం పెట్టినవాళ్లకు బజారులో బేరమాడే భాష వచ్చే ఉంటుంది. అరామిక్కో గ్రీకో, ఏదో ఒకటి. పైగా పద్నాలుగో వచనం నుంచి పేతురు తక్కిన పదకొండుమందితో లేచి నిలబడి, తానొక్కడే పెద్ద ప్రసంగం చేస్తాడు. అక్కడ తర్జుమా చేసినవాడి ఊసే లేదు. విన్నవాళ్లు హృదయంలో నొచ్చుకుని ఏం చేయమంటారని అడిగారు, మూడు వేల మంది దాకా చేరారు. మరి సంగతి చెప్పడానికి ఒక భాష చాలినప్పుడు, ముందు అన్ని భాషలెందుకు?

ఇక్కడ ఆయన చాలాసేపు ఆగారు. ఫ్యాన్ల చప్పుడే వినబడింది.

నాకైతే మా ఆసుపత్రి గుర్తొచ్చింది. నేను స్టాఫ్ నర్సుని, మీకు తెలుసు. ఇంగ్లీషులో, వచ్చీరాని అరబ్బీలో రోజంతా నెట్టుకొస్తాను. ఒక్క ముక్క కూడా అర్థంకాక ఆగిపోయేది ఉండదు. అయినా రాత్రి డ్యూటీలో ఎవరైనా పేషెంట్ "అమ్మా" అని మూలిగితే మాత్రం చేతిలో పని వదిలేసి తల తిప్పుతాను. "కాపురముండిరి" అంటే ఏంటో నాకు ఎవరూ వివరించక్కర్లేదు.

ఇంకోటి చెప్పారు. మాట్లాడినవాళ్లు గలిలయవాళ్లని జనం ఆశ్చర్యపోయారు. గలిలయ యాస దాగేది కాదు. అంతకుముందు, యేసును పట్టుకున్న రాత్రి, పేతురును పట్టించింది అతని పలుకే. "మనం హైదరాబాదు పోయి యాడికి పోతాండావన్నా అంటే నవ్వుతారే, అట్ల" అన్నారు అయ్యగారు. దేవుడు ఆ యాసవాళ్లనే పిలిచి లోకంలో వాళ్లందరి యాసలూ పలికించాడు.

బాబెలు సంగతి కూడా వచ్చింది. పెంతెకొస్తు అంటే బాబెలు తిరగబడడం అని మనం చిన్నప్పటి నుంచి వింటాం. అది సగమే సరి అన్నారు. ఆదికాండం పదకొండులో భాషలు తారుమారై మనుషులు చెదిరిపోయారు, నిజమే. కానీ పెంతెకొస్తు నాడు దేవుడు మళ్లీ అందరికీ ఒకే భాష ఇవ్వలేదు. ఎవరి భాష వాళ్లకే ఉంది, అపార్థం మాత్రమే పోయింది.

తర్వాత, వచనంలో ఉన్న జాబితాలో మనం చదవని భాష ఏదైనా ఉందా అని అడిగారు. పదకొండో వచనంలో చివరన అరబీయులు ఉన్నారు కదా. మావాడు చెయ్యెత్తేశాడు! ఎనిమిదేళ్లు, అక్కడి స్కూల్లో అరబ్బీ ఒక సబ్జెక్టు. ఆత్మను అరబ్బీలో ఏమంటారు అని అడిగితే "రూహ్" అన్నాడు. మైకులో! మా అమ్మ అటూ ఇటూ తిరిగి, అందరూ విన్నారా లేదా అని చూసుకుంది. నేనూ చూశాను, ఎందుకు దాచాలి.

అయ్యగారికి అది భలే కలిసొచ్చింది. హెబ్రీలో ఆ మాటే రూఅహ్ అట. గాలి అన్నా, ఊపిరి అన్నా, ఆత్మ అన్నా అదొక్కటే మాట. అందుకే రెండో వచనంలో బలమైన గాలి వీచినట్టు ధ్వని. అరవం వాళ్ల బైబిల్లో పరిశుద్ధ ఆవి అని ఉంటుంది. ఆవి అంటే ఊపిరి, పొగ, మన ఆవిరి కూడా అదే. కాలనీలో తమిళ ఆంటీ "ఇడ్లీ కుండలో కూడా అదేనయ్యా" అంది. తెలుగులో ఆత్మ అనేసరికి మనకు గాలీ ఊపిరీ కనబడవు. తక్కిన భాషలు పక్కన ఉంటేగానీ మన మాటలో జారిపోయింది ఏంటో తెలియదు.

ఆ ఊపులో అయ్యగారు మావాణ్ణి "నువ్వు పుట్టిన భాష ఏది నాయనా?" అని అడిగారు. వాడు నా వైపు చూశాడు. కాసేపాగి "ఇంగ్లీష్?" అన్నాడు, ప్రశ్నలాగ. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ ముక్క వీడియోలోంచి తీసేద్దామనుకున్నాను, ఉంచాను.

బయటికొచ్చాక మా చిన్నాయన కొడుకు పట్టుకున్నాడు. వాళ్లు వేరే సంఘానికి పోతారు. "పండగ చేసినారు గానీ మీ చర్చిలో ఎవరికీ అన్యభాషలు రాలేదే" అన్నాడు. అయ్యగారు అక్కడే ఉండి నింపాదిగా చెప్పారు. యెరూషలేములో వినేవాళ్లకు తర్జుమా అవసరం లేదు, అది వాళ్ల ఇంటి భాషే. కొరింథులో సంగతి వేరు. మొదటి కొరింథీయులు పద్నాలుగులో పౌలు, భాషతో మాట్లాడితే ఇద్దరు, మహా అయితే ముగ్గురు, వంతు ప్రకారం మాట్లాడాలి, ఒకరు అర్థం చెప్పాలి, చెప్పేవాడు లేకపోతే సంఘంలో మౌనంగా ఉండాలి అంటాడు. రెండూ ఒకటే వరమా, వేర్వేరా అని సంఘాల మధ్య ఇప్పటికీ వాదన ఉంది, బిర్యానీ చల్లారేలోపు తేలదులే అన్నారు. తేలలేదు. బిర్యానీ చల్లారింది కూడా.

అసలు సంగతి చెప్పడం మరిచిపోయాను. మావాడి తర్వాత వెనక బెంచీ నుంచి లంబాడీ అవ్వ ఒకామె లేచింది. "మాది చదవలేదు" అంది. లంబాడీకి సొంత లిపి లేదు కదా, మనుమడు ఆ వచనాన్ని వాళ్ల మాటల్లో తెలుగు అక్షరాలతో చీటీ మీద రాసిచ్చాడు, చదివి వినిపించాడు, ఆమె ఒక్కో ముక్కా తిరిగి పలికింది. సరిగ్గా అప్పుడే నా ఫోన్‌లో మెమరీ నిండిపోయింది. అంతకుముందు పది నిమిషాలు మావాడినే తీశాను మరి.

అందుకని సోమవారం తండాకు పోయాను, ఇంకోసారి చెప్పించుకుందామని. అవ్వ చెప్పనంది. "చెప్పింది చెప్పేసినాను, ఫోనుకు ఎందుకు?" అంది. టీ ఇచ్చి, కువైట్‌లో మా భాష మాట్లాడేవాళ్లు ఉండారా అని అడిగింది. రాయచోటి వైపు అమ్మాయి ఒకామె నాకు తెలుసు, ఇంటిపని వీసా మీద వచ్చింది, వాళ్ల మేడమ్‌తో పాటు మా ఆసుపత్రికి వచ్చినప్పుడు పరిచయం. సరే అని వాట్సాప్‌లో కలిపాను. అటువైపు వంటింట్లో గిన్నెల చప్పుడు. అవ్వ ఏదో అంది. గిన్నెల చప్పుడు ఆగిపోయింది. తర్వాత నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. నాకు అర్థమైంది "యాడీ" ఒక్కటే, వాళ్ల భాషలో అమ్మ. మావాడు గడప మీద కూర్చుని, ఛార్జింగ్ పన్నెండు శాతమే ఉందని నాకు తెలుగులో గుసగుసగా చెప్పాడు.