కొలువు ముందు పాట, వీడియోలో చారలు: ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారమండీ. చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్ల ఫోన్-ఇన్‌కి స్వాగతం. రాత్రిపూట ఇంట్లో ఫోన్‌తో వీడియో తీయడం గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. జవాబులివ్వడానికి సినిమాటోగ్రాఫర్ గారు మనతో ఉన్నారు. పెరంబూర్ నుంచి మొదటి కాల్. చెప్పండమ్మా.

పెరంబూర్ శ్రోత: నమస్కారం సార్. మా ఇంట్లో బొమ్మల కొలువు పెడతాం. సాయంత్రం పిల్లలిద్దరూ దాని ముందు కూర్చుని పాడతారు. ఆ వీడియో ఎప్పుడు తీసినా చుక్కలు చుక్కలుగా వస్తోంది. పైగా నల్లటి చారలు కిందికి పాకుతూ కనిపిస్తాయి. ఫోను మరీ పాతదేం కాదు.

సినిమాటోగ్రాఫర్: నమస్కారమమ్మా. హాల్లో ఏ లైటు ఉంది? ఎంత దూరం నుంచి తీస్తున్నారు? వీడియో సెట్టింగ్ ఏం పెట్టారు?

పెరంబూర్ శ్రోత: ఒక ట్యూబ్‌లైటు, కొలువు మెట్లకి సీరియల్ లైట్లు. నేను తలుపు దగ్గర నిలబడి 3x జూమ్ పెడతాను. వీడియో నునుపుగా ఉంటుందని మావాడు సెకనుకి 60 ఫ్రేములు పెట్టాడు.

సినిమాటోగ్రాఫర్: మీ చారలకీ చుక్కలకీ మూలం చాలావరకు ఆ 60లోనే ఉంది. ఎలాగో చెప్తాను. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద నడిచే పాత చోక్ ట్యూబ్‌లైటు, చవక ఎల్‌ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు పెరుగుతూ తగ్గుతూ వెలుగుతాయి. మన కంటికి అది తెలీదు. ఫోన్ సెన్సార్ మాత్రం దృశ్యాన్ని ఒక్కసారిగా తీసుకోదు, వరుస వెంట వరుస చదువుతుంది. ఒక వరుసకి లైటు ఎక్కువగా ఉన్న క్షణం, ఇంకో వరుసకి తగ్గిన క్షణం దొరికితే అవే చారలు.

యాంకర్: అంటే లైటు తప్పా, ఫోను తప్పా?

సినిమాటోగ్రాఫర్: రెండింటికీ లెక్క కుదరకపోవడం. ఒక్కో వెలుగు అల సెకనులో 100వ వంతు. షట్టర్ తెరిచి ఉండే సమయంలో, అంటే ఒక్కో ఫ్రేముకి సెన్సార్ వెలుతురు తీసుకునే సమయంలో, ఆ అలలు పూర్తిగా పట్టాలి. 1/100 పెడితే సరిగ్గా ఒకటి పడుతుంది, 1/50 పెడితే రెండు. అప్పుడు ప్రతి వరుసకీ సమానంగా వెలుతురు అందుతుంది, చారలు పోతాయి. 60 ఫ్రేములు పెట్టినప్పుడు ఒక ఫ్రేముకి ఉన్న సమయమే సెకనులో 60వ వంతు. అందులో 1/50 పట్టదు. ఫోను 1/60 పెట్టుకుంటే చారలొస్తాయి, వాటిని తప్పించుకోవడానికి 1/100కి పోతే వెలుతురు సగమైపోతుంది. మీరు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. ఫోన్‌లో 25 లేకపోతే 30 ఫ్రేములతో కూడా 1/50 పెట్టుకోవచ్చు, ఇబ్బంది లేదు.

పెరంబూర్ శ్రోత: 1/100 పెట్టినా చారలు రావన్నారు కదా సార్, దానికీ దీనికీ తేడా ఏమిటి?

సినిమాటోగ్రాఫర్: మంచి ప్రశ్న. మొదటి తేడా వెలుతురు. 1/100తో ఫోను ఐఎస్ఓ 1600 తీసుకునే చోట, 1/50తో 800 చాలు. ఐఎస్ఓ అంటే సెన్సార్‌కి అందిన కొద్దిపాటి సంకేతాన్ని పెంచి చూపించడం. వెలుతురు తక్కువగా అందినప్పుడు అందులో హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉంటాయి. సంకేతంతో పాటు అవీ పెరుగుతాయి, మీకు కనిపించే చుక్కలు అవే. రెండో తేడా మీ సీరియల్ లైట్లు. చవక రకాల్లో కొన్ని కరెంటు అలలో సగానికే వెలుగుతాయి, అంటే సెకనుకు 50 సార్లే. 1/100 పెడితే ట్యూబ్‌లైటు చక్కగా ఉండి, మెట్ల మీది లైట్లు మాత్రం చారలు కొట్టొచ్చు. 1/50 రెండింటికీ సరిపోతుంది.

పెరంబూర్ శ్రోత: ఇంకా తగ్గించి 1/25 పెడితే వెలుతురు ఇంకా వస్తుంది కదండీ?

సినిమాటోగ్రాఫర్: వస్తుంది, రెట్టింపు. చారలూ రావు. కానీ పిల్లలు తాళం వేసేటప్పుడు చేతులు పొగలాగా చెరిగిపోతాయి. బొమ్మల్ని విడిగా తీసేటప్పుడు ఫోను స్టాండ్ మీద పెట్టి, 25 ఫ్రేములతో 1/25 వాడండి. బొమ్మలు కదలవు కాబట్టి బాగుంటుంది. పాటకి 1/50 దాటి కిందికి దిగొద్దు.

ఇక జూమ్. ఫోన్‌లో అన్నిటికన్నా ఎక్కువ వెలుతురు పట్టేది 1x అని రాసి ఉండే ప్రధాన లెన్స్. దాని సెన్సార్ పెద్దది. జూమ్ లెన్స్‌కి సాధారణంగా సెన్సార్ చిన్నది, వెలుతురు లోపలికొచ్చే రంధ్రమూ చిన్నదే. పైగా చీకటిగా ఉంటే చాలా ఫోన్లు జూమ్ లెన్స్ వాడనే వాడవు, ప్రధాన లెన్స్ బొమ్మనే కత్తిరించి పెద్దది చేసి 3x అని చూపిస్తాయి. కావాలంటే 3x పెట్టి, ప్రధాన లెన్స్ మీద వేలు పెట్టి చూడండి. తెర నల్లబడితే మీకు వస్తున్నది కత్తిరించిన బొమ్మే. కాబట్టి తలుపు దగ్గర నుంచి కదిలి, పిల్లలకి ఐదారు అడుగుల దూరంలోకి వచ్చి 1x లోనే తీయండి.

యాంకర్: పెరంబూర్ అమ్మగారికి ఇది చాలా ఉపయోగం. వేలచ్చేరి నుంచి తర్వాతి కాల్. నమస్కారమండీ.

వేలచ్చేరి శ్రోత: నమస్కారం. వెలుతురు కోసం రిచీ స్ట్రీట్‌లో చిన్న ఎల్‌ఈడీ ప్యానెల్ కొన్నానండీ, అరచెయ్యంత ఉంటుంది. ఫోను పక్కనే తగిలించి వేస్తే చుక్కలు తగ్గాయి. కానీ పాడే మనిషి వెనక గోడ మీద కత్తితో కోసినట్టు నీడ పడుతోంది. ముఖం జిడ్డుగా కనిపిస్తోంది, కళ్లద్దాల్లో తెల్ల మచ్చ. ప్యానెల్ వెలుగు తగ్గించినా నీడ అలాగే ఉంది.

సినిమాటోగ్రాఫర్: వెలుగు తగ్గిస్తే నీడ మెత్తబడదండీ. మనిషి ఉన్న చోటు నుంచి చూస్తే లైటు ఎంత పెద్దగా కనిపిస్తోంది అన్నదాన్ని బట్టే నీడ అంచు ఉంటుంది. అరచెయ్యంత లైటు ఆరడుగుల దూరంలో ఉంటే అది ఒక చుక్క కిందే లెక్క. పెద్ద లైటు కొనక్కర్లేదు, ఉన్నదాన్నే పెద్దది చేద్దాం. స్టేషనరీ షాపులో తెల్ల థర్మోకోల్ షీటు దొరుకుతుంది. సుమారు రెండడుగులు బై మూడడుగులు ఉన్నది తీసుకోండి. దాన్ని కుర్చీకి ఆనించి కాకుండా, ఏదైనా స్టాండుకో బీరువా తలుపుకో కట్టి, పాడే మనిషి కంటి ఎత్తు కన్నా కొంచెం పైకి వచ్చేలా నిలబెట్టండి. ముఖానికి నేరుగా ఎదురుగా వద్దు, 45 డిగ్రీల పక్కకి, మూడడుగుల దూరంలో ఉండాలి. ఇప్పుడు ప్యానెల్‌ని మనిషి వైపు కాకుండా ఆ థర్మోకోల్ వైపు తిప్పండి, రెండడుగుల దూరం నుంచి. షీటంతా వెలుగు పరుచుకోవాలి. మధ్యలో గుండ్రంగా ఒక్కచోటే పడుతోందంటే ప్యానెల్‌ని ఇంకాస్త వెనక్కి జరపండి, లేకపోతే మీ లైటు మళ్లీ చిన్నదైనట్టే.

వేలచ్చేరి శ్రోత: అలా తిప్పితే వెలుగు బాగా తగ్గిపోతుంది కదండీ?

సినిమాటోగ్రాఫర్: తగ్గుతుంది, అందుకే షీటుని మూడడుగుల్లో పెట్టమన్నాను. ఆరడుగుల నుంచి మూడడుగులకి తెస్తే వెలుతురు మూడు నాలుగు రెట్లు పెరుగుతుంది. షీటు ఆరడుగుల్లో ఉన్నప్పుడు ఐఎస్ఓ 800 పట్టే చోట, అది 200, 250కి దిగొచ్చు. షాటులో షీటు అంచు కనపడనంత వరకు ఎంత దగ్గరికి తెస్తే అంత మంచిది. గోడ మీద నీడకి ఇంకో మందు ఉంది. మనిషిని గోడకి ఆనుకుని కూర్చోబెట్టకండి, నాలుగైదు అడుగులు ముందుకి జరపండి. లైటు పక్క నుంచి, పై నుంచి వస్తోంది కాబట్టి ఆ నీడ పక్కకి జరిగి షాటు బయట పడుతుంది. కళ్లద్దాల్లో మచ్చ కూడా లైటు పక్కకి, పైకి పోయేసరికి చాలావరకు తప్పుకుంటుంది. ఇంకా ఉంటే అద్దాల కాడల్ని చెవుల దగ్గర కొంచెం పైకి ఎత్తి పెట్టుకోమనండి.

కొలువు దగ్గర దీపాలుంటాయి. థర్మోకోల్ ఇట్టే అంటుకుంటుంది, దీపానికి దూరంగా, పడిపోకుండా కట్టి పెట్టాలి. ఇది మాత్రం మరిచిపోవద్దు.

వేలచ్చేరి శ్రోత: వెలుగు మరీ ఎక్కువైతే నాబ్ తిప్పి తగ్గించొచ్చా?

సినిమాటోగ్రాఫర్: ముందు ఒక పరీక్ష చేయండి. మిగతా లైట్లు ఆర్పి, షట్టర్ 1/1000 పెట్టి, ప్యానెల్ వెలుగు తగ్గించి, తెల్ల గోడ మీద వేసి ఫోన్‌లో చూడండి. చారలు కనిపిస్తే ఆ ప్యానెల్ వెలుగు తగ్గించేందుకు వేగంగా ఆరుతూ వెలుగుతోందన్నమాట. దానికి 50 హెర్ట్జ్ లెక్క వర్తించదు, ఒక్కోసారి 1/50లోనూ తేడా కనిపించొచ్చు. అలాంటి ప్యానెల్‌ని పూర్తి వెలుగులోనే ఉంచి, దూరం జరిపి తగ్గించుకోండి. రంగు కూడా చూసుకోవాలి. మీ ట్యూబ్‌లైటు 6500 కెల్విన్, అంటే నీలం వైపు తెలుపు అయి, ప్యానెల్ పసుపు వైపుంటే ముఖం ఒక చెంప నీలం, ఒక చెంప పసుపు. ప్యానెల్‌ని ట్యూబ్‌లైటుకి సరిపెట్టండి. కుదరకపోతే ట్యూబ్‌లైటే ఆర్పేయండి, నాకైతే రెండోదే ఇష్టం. తర్వాత ఫోను రంగుల్ని సరిచేసుకునే వైట్ బ్యాలెన్స్‌ని లాక్ చేయండి, లేకపోతే పాట మధ్యలో పట్టుచీర రంగు మారిపోతుంది.

యాంకర్: చివరి కాల్, అంబత్తూర్ నుంచి.

అంబత్తూర్ శ్రోత: అన్నా, నాది ఐఫోన్. ఈ షట్టర్, ఐఎస్ఓ ఎక్కడా కనపడవు.

సినిమాటోగ్రాఫర్: దాని సొంత కెమెరా యాప్‌లో షట్టర్ మనం పెట్టలేం తమ్ముడూ. సెట్టింగ్స్‌లో Camera, అందులో Record Video, అక్కడ Show PAL Formats ఆన్ చేస్తే 25 ఫ్రేములు వస్తాయి. షట్టర్ కూడా కావాలంటే Blackmagic Camera యాప్ ఉచితం. అందులో షట్టర్ 1/50కి లాక్ చేసి, ఐఎస్ఓతో వెలుగు సరిచేసుకోవచ్చు. సామ్‌సంగ్‌లో ప్రో వీడియో ఉన్న మోడళ్లలో అన్నీ అందులోనే ఉంటాయి. వెలుగు చూసుకునేటప్పుడు ముఖాన్ని చూసి పెట్టు, దీపం జ్వాలని చూసి కాదు. జ్వాల తెల్లబడితే పడనీ. జ్వాల కోసం తగ్గించి తీసి, తర్వాత ఎడిటింగ్‌లో ముఖం పెంచితే చుక్కలన్నీ మళ్లీ పైకొస్తాయి.

అంబత్తూర్ శ్రోత: పోయినేడాది తీసిన వీడియోలో చుక్కలూ చారలూ ఉన్నాయన్నా, ఎడిటింగ్‌లో పోతాయా?

సినిమాటోగ్రాఫర్: చుక్కలు కొంతవరకు పోతాయి. పక్కపక్క ఫ్రేముల్ని పోల్చి తీసేసే నాయిస్ రిడక్షన్ అయితే మేలు, అయితే చేయి వేగంగా కదిలిన చోట దాని వెనక నీడలాంటి మరక మిగులుతుంది. ఎక్కువ పెట్టావంటే ముఖం మైనపు బొమ్మలా అవుతుంది, సగం దగ్గర ఆపు. చారలు లేతగా ఉంటే డీఫ్లికర్ ఎఫెక్ట్‌తో తగ్గుతాయి. నల్లగా, గట్టిగా పడిన చారల్లో ఆ వరుసలకి అసలు వెలుతురే అందలేదు, వాటిని బాగుచేయబోతే అక్కడ చుక్కలే మిగుల్తాయి. ఆ పాటని ఈసారి మళ్లీ పాడించుకోవడమే.