మధ్యాహ్నం మూడు దాటాక కనిపించే గడ్డం

అందరికీ నమస్కారం. మన విశాఖలోని ద్వారకా నగర్, డాబా గార్డెన్స్‌లో షాపులు నడిపేవాళ్లు, హాస్టళ్లు నడిపేవాళ్లు ఆదివారం పూట ఇంతమంది వచ్చి కూర్చున్నారు, చాలా సంతోషం. నేను ట్రాన్స్ మహిళని, పుట్టినప్పుడు మగపిల్లాడన్నా నేను ఆడమనిషినే. మా వాళ్లకు తోడుగా ఆసుపత్రులకూ ఆఫీసులకూ పోలీస్ స్టేషన్లకూ తిరగడం నా పని. ఇవాళ గడ్డం గురించి మాట్లాడతాను. మీ షాపులో ఒక ట్రాన్స్ అమ్మాయి పనిచేస్తుంటే ఆమె రోజంతా దేని గురించి ఆలోచిస్తుందో తెలియాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

యుక్తవయసులో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ పనిచేసి గడ్డం ఒకసారి వచ్చాక, తర్వాత ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ వాడినా అది పోదు. చర్మం మెత్తబడుతుంది, ఒంటి మీద వెంట్రుకలు కొంత పలచబడతాయి, గడ్డం మాత్రం ఉంటుంది. అలాగే మారిన గొంతు కూడా మాత్రలతో తిరిగి సన్నబడదు. షేవ్ చేస్తే వెంట్రుక చర్మం పైవరకే తెగుతుంది. లోపలి నల్లటి భాగం మన చామనఛాయ చర్మం కింద నుంచి నీలం కలిసిన బూడిద రంగులో కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని కప్పడానికి ముందు నారింజ రంగు లిప్‌స్టిక్ పలచగా అద్ది, దాని మీద ఫౌండేషన్ వేస్తారు. ఆ నారింజ రంగు నీలం ఛాయను చంపుతుంది. కానీ విశాఖ గాలిలో తేమ ఎంతో మీకు తెలుసు. బస్సు దిగేసరికి సగం కరిగిపోతుంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి కొత్త వెంట్రుక మొలక కూడా తేలుతుంది.

చాలామంది చిమ్టాతో ఒక్కొక్క వెంట్రుకా పీకుతారు. కొన్ని రోజులు నున్నగా ఉంటుంది. తర్వాత వెంట్రుకలు లోపలికి తిరిగి పెరిగి, కుదుళ్లు చీము పట్టి, నల్ల మచ్చలు మిగులుతాయి. లేజర్ ఉంది కదా అంటారు. లేజర్ కాంతి వెంట్రుకలోని నల్ల రంగును వెతుక్కుని కుదురును కాలుస్తుంది. అందుకే ముందు పీకేసుకుంటే లోపల కాల్చడానికి ఏమీ ఉండదు. పెరిగే దశలో ఉన్న వెంట్రుకల మీదే అది పనిచేస్తుంది కాబట్టి నాలుగు నుంచి ఆరు వారాలకోసారి, అలా ఆరు నుంచి పది సిట్టింగులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే కావాలి. నల్లటి చర్మానికి సరిపడని మెషీన్ వాడితే ముఖం కాలి మచ్చలు పడతాయి. ఒక్కో సిట్టింగ్‌కు ఖర్చు వేలల్లో ఉంటుంది. పైగా ఆ నెలలన్నీ పీకకూడదు, షేవ్ మాత్రమే చేయాలి. అంటే చికిత్స నడుస్తున్నన్నాళ్లూ గడ్డం ఇంకా బాగా కనిపిస్తుంది. సరిగ్గా ఆ కాలంలోనే ఉద్యోగాలు వదిలేసినవాళ్లను నేను చూశాను.

ఇదంతా అందం మీద మోజు అనుకునేవాళ్లున్నారు. అది కాదు. ముఖం మీద ఆ నీడ కనిపించిందంటే ఆటోలో పక్కవాడు చెయ్యి వేయొచ్చు, బస్సులో "తేడా" అని నవ్వొచ్చు, ఇంటి ఓనర్లు గది ఖాళీ చేయమనొచ్చు. కనిపించకపోతే ఆ రోజుకి గండం గడిచినట్టు. పొద్దున అద్దం ముందు గంటన్నర కూర్చునేది ఆ భయంతోనే.

గాజువాక నుంచి ద్వారకా నగర్‌కు వచ్చి ఒక బట్టల షాపులో బిల్లింగ్ చేసే అమ్మాయి గురించి చెప్తాను. పేరు చెప్పను, షాపు పేరూ చెప్పను. తొమ్మిదిన్నరకు డ్యూటీ అయితే నాలుగున్నరకే లేచేది. షేవింగ్, ఐస్ ముక్కలు, మేకప్, మెడ వరకు చుట్టిన చున్నీ, దాని మీద మాస్క్. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్లతో పాటు ట్రాన్స్‌జెండర్లకూ ఆర్టీసీ సిటీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది కదా. ఆమె మాత్రం డబ్బులిచ్చే టికెట్ తీసుకునేది. జీరో టికెట్ కావాలంటే ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. ఆమె ఆధార్‌లో పాత ఫోటో, పాత పేరు. కండక్టర్ ఒకసారి కార్డునీ ముఖాన్నీ మార్చి మార్చి చూసి, ఆ పేరును నిండు బస్సులో గట్టిగా చదివాడు. ఆయనకు బాధ పెట్టాలని ఉండకపోవచ్చు. కానీ ఆ తర్వాత స్టాప్‌లో ఇద్దరు కుర్రాళ్లు ఆమె వెనకే దిగి షాపు దాకా వచ్చారు. హక్కుగా వచ్చిన ఉచిత ప్రయాణాన్ని వదులుకుని రోజూ డబ్బు కట్టింది అందుకే.

షాపులో ఇంకో కష్టం. ఆడవాళ్ల బాత్రూమ్‌కి వెళ్తే కస్టమర్లు ఏమంటారో అని భయం, మగవాళ్లదానికి వెళ్తే గొళ్లెం లేదు. అందుకని నీళ్లు తాగడం మానేసింది. మూత్రంలో మంట, జ్వరం వచ్చి నా దగ్గరకు వచ్చాకే ఈ విషయం బయటపడింది. ఇలా నీళ్లు తాగని అమ్మాయిలు నాకు చాలామంది తెలుసు. మీ స్టాఫ్‌లో ఎవరైనా పొద్దున్నుంచి బాటిల్ ముట్టకుండా, మధ్యాహ్నం తర్వాత మాటిమాటికీ అద్దం దగ్గరకు వెళ్తూ, లైటు పడని మూల చూసుకుని కూర్చుంటుంటే, పని మీద ధ్యాస లేదని తిట్టకండి. భయం అలాగే కనిపిస్తుంది.

తొందరగా ఆడపిల్లలా కనిపించాలని ఆమె మెడికల్ షాపులో గర్భనిరోధక మాత్రలు కొని రోజుకు రెండు మూడు వేసుకునేది. వాటిలో ఉండే రకం ఈస్ట్రోజెన్ అంత మోతాదులో రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచుతుంది, సిగరెట్ తాగేవాళ్లకు ఇంకా ఎక్కువ. ఒక్క కాలి పిక్కే వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆగకుండా క్యాజువాలిటీకి వెళ్లాలి. డాక్టర్ దగ్గర రక్తపరీక్షలు చేయించుకుని వాడే హార్మోన్లు వేరు. ఎవరికీ తెలియకుండా తొందరపడి మింగే ఈ మాత్రలు వేరు.

ఆ షాపు యజమానితో మాట్లాడటానికి నేనే వెళ్లాను. పెద్దాయన, మొదట ఇబ్బంది పడ్డారు. "అమ్మా, ఆ పిల్ల బాగానే ఉంటుంది, చూస్తే అచ్చం అమ్మాయే, ఎవరూ కనిపెట్టలేరు, నాకేం అభ్యంతరం లేదు" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆమె భయపడుతున్నదే ఆ మాటకు. కనిపెట్టలేనంత కాలమే చోటు అని దాని అర్థం. మూడు గంటలకు గడ్డం తేలితే ఆ చోటు పోతుంది. గొంతు బొంగురుగా ఉన్నవాళ్లకు, భుజాలు వెడల్పుగా ఉన్నవాళ్లకు, లేజర్‌కు డబ్బు లేనివాళ్లకు ఆ చోటు ఎప్పుడూ దొరకదు. ఎక్కువ అలంకరించుకుంటే "ఓవర్ చేస్తున్నారు" అంటారు, మామూలుగా వస్తే "అసలు వీళ్లు ఆడవాళ్లేనా" అంటారు. రెండిటికీ సరిపోయేలా ఏ ముఖమూ ఉండదు. 2014లో సుప్రీంకోర్టు నల్సా కేసులో ఒక మనిషి జెండర్‌ని ఆ మనిషి చెప్పినదాన్ని బట్టే గుర్తించాలని, ఆపరేషన్ చేయించుకోవాలని పట్టుబట్టకూడదని చెప్పింది. ఆ తీర్పులోని న్యాయం నాకు ఇక్కడే అర్థమవుతుంది. రూపం చూసి ఒప్పుకుంటే ఆ ఒప్పుకోలు రోజూ మధ్యాహ్నానికే చెల్లిపోతుంది.

ఆ పెద్దాయన మూడు పనులు చేశారు. బ్యాడ్జి మీద, హాజరు పట్టీలో ఆమె వాడుకునే పేరు రాయించారు, బ్యాంకు కాగితాల్లో మాత్రం కార్డు మారేదాకా పాత పేరే ఉంచి ఆ ఫైలు తన దగ్గరే పెట్టుకున్నారు. స్టాఫ్ బాత్రూమ్‌కి గొళ్లెం వేయించి తాళం చెవి కౌంటర్ దగ్గర ఉంచారు, ఎవరైనా తీసుకోవచ్చు. కస్టమర్ ఎవరైనా ఆమె గురించి అడిగితే "ఆమె మా స్టాఫ్, బిల్లు అక్కడే చేయించుకోండి" అని మాత్రమే చెప్పమని మిగతావాళ్లకు చెప్పారు. సంజాయిషీలు వద్దన్నారు. మొదటి నెలలో ఇద్దరు ముగ్గురు కస్టమర్లు గొణిగారు, తర్వాత ఆ మాటే రాలేదు.

మార్పు ఒక్కసారిగా రాలేదు. ముందు నీళ్లు తాగడం మొదలుపెట్టింది. తర్వాత మాస్క్ తీసింది. ఆరు గంటలకు లేచి, షేవ్ చేసుకుని, కాటుక పెట్టుకుని వచ్చేస్తోంది. మాత్రలు ఆపి డాక్టర్‌ను కలిసింది. లేజర్ సిట్టింగులకు వెళ్తోంది, మధ్యలో గడ్డం కనిపించే వారాల్లో కూడా కౌంటర్‌లోనే కూర్చుంటోంది. ఒకరోజు నాతో "అక్కా, నిన్న సాయంత్రం అద్దం చూసుకోవడమే మర్చిపోయాను" అంది. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇక్కడ దాచుకోను.

ఇది ఒక్క అమ్మాయి అనుభవమే కాదు. 2018లో అమెరికాలో 129 మంది ట్రాన్స్ యువతీయువకుల మీద ఒక అధ్యయనం వచ్చింది. ఇల్లు, బడి, పని, స్నేహితులు, ఈ నాలుగు చోట్లలో ఎన్నిచోట్ల వాళ్లను వాళ్లు ఎంచుకున్న పేరుతో పిలుస్తున్నారో అడిగారు. అలా పిలిచే చోటు ఒక్కటి పెరిగినా దిగులు తక్కువగా కనిపించింది, చనిపోవాలనే ఆలోచనలు 29 శాతం తక్కువగా ఉన్నాయి. చిన్న సర్వే, వేరే దేశంలోది, కారణం ఇదేనని అది రుజువు చేయదు. కానీ నేను ఇక్కడ చూస్తున్నదానికి అది చాలా దగ్గరగా ఉంది. ఇంట్లోవాళ్లు ఇంకా ఒప్పుకోని పిల్లకు షాపు ఒక్కటైనా దొరికితే అది చిన్న విషయం కాదు.

హాస్టల్ యజమానులకు ట్రాన్స్ అబ్బాయిల గురించి, అంటే పుట్టినప్పుడు ఆడపిల్లలన్నా అబ్బాయిలుగా బతికేవాళ్ల గురించి కూడా చెప్పాలి, వాళ్ల మాట ఎవరూ ఎత్తరు. ఛాతీ కనిపించకూడదని చాలామంది క్రేప్ బ్యాండేజీ బిగించి కట్టుకుంటారు. కదిలేకొద్దీ అది ఇంకా బిగుస్తుంది, ఊపిరి సరిగా ఆడదు, పక్కటెముకలు నొప్పి పెడతాయి, చెమటకు చర్మం ఒరుసుకుపోతుంది. దీనికోసమే కుట్టిన బైండర్ వేసుకున్నా ఎనిమిది గంటలు మించకూడదు, నిద్రలో అసలే వద్దు. కానీ నలుగురు పడుకునే గదిలో, తలుపు సరిగా పడని బాత్రూమ్‌లో ఆ అబ్బాయి దాన్ని ఎప్పుడు విప్పగలడు? ఒక్క గదికి తెర, ఒక్క బాత్రూమ్‌కి గట్టి గొళ్లెం ఉంటే రాత్రిపూట ఊపిరి పీల్చుకుంటాడు.

షాపు లోపల ఎంత బాగున్నా బయట రోడ్డు అలాగే ఉంది. 2019 చట్టంలో ట్రాన్స్‌జెండర్ మనిషిని కొట్టినా, తిట్టినా, బహిరంగ స్థలంలోకి రానివ్వకపోయినా ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు అని ఉంది, కానీ ఆ కేసు పెట్టడానికి స్టేషన్‌కు వెళ్లే ధైర్యం ముందు కావాలి. ఆ అమ్మాయిని రాత్రి మళ్లీ ఇద్దరు వెంటాడినప్పుడు మొదటిసారి యజమానికి ఫోన్ చేసింది. ఇంతకుముందైతే ఎవరికీ చెప్పేది కాదు, గడ్డం కనిపించడం తన తప్పే అనుకునేది. ఆయన షాపు కెమెరాలో రికార్డయింది ఇచ్చారు, మర్నాడు ముగ్గురం కలిసి స్టేషన్‌కు వెళ్లాం. ఇప్పుడు ఆమె డ్యూటీ ఏడున్నరకే అయిపోతుంది. షాపు మూసేదాకా ఉండాల్సిన పండగ రోజుల్లో తోటి స్టాఫ్ ఇద్దరు ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా వచ్చి గాజువాక బస్సు ఎక్కిస్తారు. ఆధార్‌లో పేరు మార్పు ఇంకా నడుస్తోంది.